బాకీదారు వాయిదాల్లో కడతానంటే రాతపూర్వకంగా ఎలా ఒప్పుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అరువు మీద సరుకు ఇచ్చేవాళ్లకు, చేబదులు ఇచ్చినవాళ్లకు ఉపయోగపడాలని రాసిన పేజీ ఇది. బాకీదారు తనంతట తనే "ఒకేసారి కట్టలేను, నెలనెలా కడతాను" అని రాసిచ్చినప్పుడు మీరు తిరిగి ఏం రాయాలి, ఒక్క వాయిదా తప్పితే ఏమవుతుంది అన్నంత వరకే ఇక్కడి చర్చ. బ్యాంకు లోన్ల సంగతి వేరు, దాని జోలికి పోలేదు.

అన్ని ప్రశ్నలకూ ఒకే ఉదాహరణ పట్టుకుందాం. ఖమ్మంలో సిమెంటు, ఇనుము అమ్మే షాపు అనుకోండి. ఒక చిన్న కాంట్రాక్టరు 2024 మార్చి 4 నుంచి నవంబరు 18 దాకా అరువుకు తీసుకెళ్లిన సరుకులో రూ.2,40,000 బాకీ మిగిలింది. 2026 మే 20న ఆయన తెల్లకాగితం మీద "నాకు రావాల్సిన బిల్లులు ఆగిపోయాయి, నెలకు 40 వేల చొప్పున ఆరు నెలల్లో తీరుస్తాను" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆయన రాసిచ్చాడు కదా, నేను వాట్సాప్‌లో "సరే" అంటే చాలదా?

"సరే" అన్నా ఒప్పందమే అవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. మీరు దేనికి సరే అన్నారో చూడండి. ఆ కాగితంలో ఏ నెల ఏ తేదీ అని లేదు. ఒక నెల ఎగ్గొడితే ఏమిటో లేదు. ఆరు నెలలు ఎప్పటి నుంచి లెక్కో కూడా లేదు.

ఇప్పటిదాకా మొత్తం 2,40,000 ఈ రోజే కట్టమని అడిగే హక్కు మీకుంది. వాయిదాలకు సరే అన్నాక ఏ వాయిదా డబ్బు ఆ గడువు వచ్చాకే అడగాలి. తప్పితే మొత్తం కట్టాలన్న షరతు లేకపోతే, రెండో నెల ఎగ్గొట్టినా మీరు అడగగలిగేది ఆ 40 వేలే. మిగతా వాయిదాలకు ఇంకా గడువు రాలేదని ఆయన నిక్షేపంగా అనొచ్చు. అంటే షరతు లేకుండా సరే అన్న షాపాయన తన చేతిలో ఉన్న హక్కును వదులుకుని, బదులుగా ఏమీ తీసుకోలేదు.

వాట్సాప్ మెసేజీ కోర్టులో అసలే పనికిరాదని కాదు. ఎలక్ట్రానిక్ రూపంలో చేసుకున్న ఒప్పందాలు చెల్లుతాయని 2000 నాటి ఐటీ చట్టమే చెబుతోంది. కానీ దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, ఈలోగా ఫోను పోకుండా చూసుకోవాలి. ఎదురుగా కూర్చుని సంతకం పెట్టగల మనిషితో ఈ తంటా ఎందుకు?

ఆయన ప్రతిపాదనకు నేను షరతులు చేర్చి "ఒప్పుకున్నాం" అని పోస్టులో పంపితే సరిపోతుందా?

సరిపోదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం అన్నది ఎదుటివాడు చెప్పినదానికి ఏ మార్పూ లేకుండా ఉండాలి. మీరు తేదీలు పెట్టి, తప్పితే మొత్తం కట్టాలని చేర్చిన మరుక్షణం అది అంగీకారం కాదు, మీ వైపు నుంచి వెళ్లిన కొత్త ప్రతిపాదన. ఇక దాన్ని ఒప్పుకోవాల్సింది ఆయనే.

ఆయన ఏ సంతకమూ చేయకుండా మొదటి వాయిదా కట్టాడనుకోండి. "మీ షరతు ఒప్పుకున్నట్టే కదా" అని మీరు, "నేను నా కాగితం ప్రకారం కట్టాను" అని ఆయన వాదించుకోవచ్చు. తప్పిన రోజున కావాల్సింది సంతకం, వాదన కాదు. అందుకే మీ లెటర్ రెండు ప్రతులు తీసి, కింద "పై షరతులు ఒప్పుకుంటున్నాను" అన్న వాక్యం పెట్టి, రెండింటి మీదా ఆయన సంతకం తీసుకోండి. ఒకటి ఆయనకు, ఒకటి మీకు. ఆయన ఇచ్చిన మొదటి కాగితాన్ని కూడా పారేయకుండా దీనికే పిన్ చేసి పెట్టండి. వాయిదాలు అడిగింది తనేనని అది చెబుతుంది.

లెటర్‌లో ఏం రాయాలి? నమూనా ఉందా?

మన ఉదాహరణకైతే ఇలా రాసుకోవచ్చు:

> తేదీ: 25-05-2026
>
> మీరు 20-05-2026న రాసిన లెటర్ అందింది. 04-03-2024 నుంచి 18-11-2024 వరకు మీరు మా షాపులో అరువుకు తీసుకున్న సరుకు తాలూకు, ఈ రోజుకు మీరు మాకు ఇవ్వవలసిన బాకీ రూ.2,40,000 (అక్షరాలా రెండు లక్షల నలభై వేల రూపాయలు) అని ఇద్దరం లెక్క చూసుకుని తేల్చుకున్నాం.
>
> ఈ బాకీని 10-06-2026, 10-07-2026, 10-08-2026, 10-09-2026, 12-10-2026, 10-11-2026 తేదీల్లో, ఒక్కో తేదీకి రూ.40,000 చొప్పున మీరు కట్టడానికి మేము ఒప్పుకుంటున్నాం. డబ్బు ఆ తేదీ సాయంత్రంలోగా మా బ్యాంకు ఖాతాలో జమ కావాలి. వాయిదాలు ఇలా సక్రమంగా జమ అవుతున్నంత కాలం మేము దావా వేయం, వడ్డీ అడగం.
>
> ఏ ఒక్క వాయిదా అయినా గడువు తేదీ తర్వాత 7 రోజుల్లోగా పూర్తిగా జమ కాకపోతే, అప్పటికి మిగిలిన బాకీ మొత్తం ఎనిమిదో రోజున ఒకేసారి చెల్లించవలసి ఉంటుంది. ఆ రోజు నుంచి ఆ మొత్తం మీద, మా బిల్లుల్లో ఉన్న ప్రకారమే, సాలుకు నూటికి 18 రూపాయల వడ్డీ కూడా ఇవ్వాలి.
>
> ఏదైనా వాయిదాను మేము ఆలస్యంగా గానీ, తక్కువగా గానీ తీసుకున్నంత మాత్రాన పై షరతు వదులుకున్నట్టు కాదు. బాకీ పూర్తిగా తీరేవరకు పాత బిల్లులు, వాటి మీద మాకున్న హక్కులు అలాగే ఉంటాయి.
>
> (షాపు యజమాని సంతకం)
>
> పై లెక్క సరైనదే. రూ.2,40,000 బాకీ ఉన్నానని ఒప్పుకుంటూ, పై తేదీల్లో కడతానని, షరతులన్నీ నాకు సమ్మతమేనని సంతకం చేస్తున్నాను.
>
> (బాకీదారు సంతకం, తేదీ, ఇద్దరు సాక్షుల సంతకాలు)

ఇందులో పైకి మామూలుగా కనిపించే వాక్యం ఒకటుంది: "పాత బిల్లులు, వాటి మీద మాకున్న హక్కులు అలాగే ఉంటాయి". పాత ఒప్పందం స్థానంలో కొత్తది పెట్టుకుంటే పాతదాన్ని నెరవేర్చక్కర్లేదని కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ అంటుంది. రేపు ఈ కాగితం మీద ఏదో తగాదా వచ్చి, పాత బిల్లుల మీదైనా దావా వేద్దామనుకుంటే "అవి ఎప్పుడో రద్దయిపోయాయి" అనే వాదనకు చోటు లేకుండా ఈ వాక్యం కాపాడుతుంది.

బాకీదారు పేరు బిల్లులో ఎలా ఉందో అలాగే రాయండి. బిల్లు ఫర్మ్ పేరు మీద ఉంటే ఫర్మ్ తరఫున పార్ట్‌నర్‌గా సంతకం చేయించండి. బిల్లులు అన్న పేరు మీద ఉండి తమ్ముడు వచ్చి సంతకం పెట్టిపోతే, ఆ కాగితం అన్నను కట్టేయదు.

అక్టోబరులో మాత్రం 12 అని ఎందుకు రాశారు?

2026 అక్టోబరు 10 రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. బ్యాంకులకు సెలవు. యూపీఐ సెలవు రోజుల్లోనూ పనిచేస్తుంది నిజమే, కానీ చెక్కు కడతాననేవాడికి అది సాకు అవుతుంది. ఒప్పుకునే ముందు క్యాలెండరు ఓసారి తిరగేస్తే ఇలాంటివి అక్కడే తేలిపోతాయి. లేదా "గడువు తేదీ బ్యాంకు సెలవైతే తర్వాతి పనిదినం" అని ఒక ముక్క చేర్చండి.

"ప్రతి నెలా మొదటి వారంలో", "పండగ లోపు", "పంట చేతికొచ్చాక" లాంటి మాటలు రాయనివ్వకండి. షరతు పనిచేయాలంటే తప్పిన రోజు ఏదో వేలు పెట్టి చూపగలగాలి. పంట మీద ఆధారపడే రైతుకు నెలవారీ వాయిదా కుదరదు కాబట్టి రెండే వాయిదాలు పెట్టండి, ఖరీఫ్ అమ్మకాలయ్యాక ఒకటి, రబీ అమ్మకాలయ్యాక ఒకటి. కానీ వాటికి కూడా తేదీలు రాయండి.

తేదీ ఎంచే ముందు ఆయనకు డబ్బు ఏ తేదీకి చేతికొస్తుందో అడగడం మీకే మంచిది. జీతం ఒకటో తారీఖున వచ్చే మనిషికి 28 గడువు పెడితే తప్పడం ఖాయం.

"ఒక్క వాయిదా తప్పితే మొత్తం కట్టాలి" అనే షరతు కోర్టులో నిలుస్తుందా? మరీ అన్యాయం అనరా?

నిలుస్తుంది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కిందనే దీనికి ఉదాహరణ ఇచ్చారు. వెయ్యి రూపాయల అప్పును ఐదు సమాన నెలవారీ వాయిదాల్లో కడతానని, ఏ వాయిదా తప్పినా మొత్తం ఒకేసారి కట్టాలని రాసుకుంటే అది జరిమానా షరతు కాదు, రాసుకున్నట్టే అమలు చేయించుకోవచ్చు అని ఉంది. కారణం తేలికే. ఆయన ఎలాగూ బాకీ ఉన్న డబ్బే అడుగుతున్నారు, పైసా ఎక్కువ కాదు. ఇచ్చిన గడువును మాత్రం వెనక్కి తీసుకుంటున్నారు.

అదే సెక్షన్ కింద ఇంకో ఉదాహరణ: వంద రూపాయలు ఇచ్చి, రెండు వందలకు బాండు రాయించుకుని, ఏడాదికి 40 చొప్పున ఐదేళ్లలో కట్టాలి, ఒకటి తప్పినా మొత్తం కట్టాలి అంటే అది జరిమానా. మరో ఉదాహరణలో నూటికి 12 వడ్డీ ఒప్పందంలో, తప్పితే నూటికి 75 అని పెట్టారు. అదీ జరిమానాయే, కోర్టు సబబనుకున్నంతే ఇప్పిస్తుంది.

కాబట్టి మన లెటర్‌లోని మొదటి దెబ్బ, అంటే మిగిలినదంతా ఒకేసారి అనేది, గట్టిగా నిలుస్తుంది. రెండోది, తప్పిన రోజు నుంచి వడ్డీ, రేటును బట్టి ఉంటుంది. షాపు బిల్లుల మీద ముందు నుంచీ 18 శాతం అని అచ్చేసి ఉంటే కొత్తగా బాదినట్టు కాదు, ఉన్నదాన్ని ఇన్నాళ్లూ ఆపి ఇప్పుడు అడిగినట్టు. కోపంలో "తప్పితే ఐదు రూపాయల వడ్డీ" అని రాస్తే అది సాలుకు 60 శాతం. కోర్టు దాన్ని కోసేస్తుంది, పైగా మీరే పీడిస్తున్నట్టు కనిపిస్తారు. "తప్పితే 50 వేలు అదనం" లాంటివీ అంతే.

భయం కావాలంటే దాన్ని రాయితీ రూపంలో పెట్టండి. "అసలు బాకీ 2,40,000. అన్ని వాయిదాలూ సమయానికి కడితే చివరి వాయిదాలో 10 వేలు తగ్గిస్తాం. ఒకటి తప్పినా ఆ తగ్గింపు ఉండదు." ఇందులో ఎక్కువ వసూలు చేయడం లేదు. ఇచ్చిన రాయితీని ఆపడమే. నా ఉద్దేశంలో చిన్న బాకీలకు వడ్డీ షరతు కంటే ఇదే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే చివరి దాకా లాగే పట్టుదల దీనివల్ల ఆయనకే పుడుతుంది.

ఏడు రోజులు గ్రేస్ ఎందుకు? తప్పిన రోజే మొత్తం అడగొచ్చుగా?

అడగొచ్చు. కానీ ఒక్క రోజు ఆలస్యానికి మీరు నిజంగా దావాకు వెళతారా? వెళ్లరు. మీరే అమలు చేయని షరతు రాస్తే, మొదటి ఆలస్యాన్ని మీరు చూసీ చూడనట్టు వదిలేసిన రోజునే బాకీదారుకు అర్థమైపోతుంది. ఏడు రోజులు దాటితే నోటీసు కచ్చితంగా పంపేలా ఉంటే చాలు.

మూడు వాయిదాలు కట్టాడు, సెప్టెంబరుది కట్టలేదు. ఇప్పుడు వరసగా ఏం చేయాలి?

లెక్క ముందు. జూన్, జులై, ఆగస్టు వాయిదాలతో 1,20,000 వచ్చింది, 1,20,000 ఉంది. సెప్టెంబరు 10 గడువు, 17 దాకా గ్రేస్. 18న ఆ 1,20,000 మొత్తం కట్టవలసినదైంది. అప్పటి నుంచి వడ్డీ సాలుకు 21,600, అంటే నెలకు 1,800.

సెప్టెంబరు 11నే ఒక ఫోను, ఒక మెసేజీ చేయండి: "వాయిదా రాలేదు, 17 దాకా గడువుంది." ఇది చట్టం అడిగేది కాదు గానీ, తర్వాత "మర్చిపోయాను, ఒక్క మాట చెప్పలేదు" అనకుండా ఉంటుంది. 18న రాతపూర్వకంగా స్పీడ్ పోస్టులో పంపండి. అందులో మూడే విషయాలు ఉండాలి: ఏ వాయిదా ఏ తేదీకి రాలేదు, దాంతో లెటర్‌లోని ఏ షరతు అమల్లోకి వచ్చింది, మొత్తం ఎంత ఎప్పటిలోగా కట్టాలి. తిట్లు, బెదిరింపులు, ఆయన బావమరిది గురించిన ప్రస్తావనలు వద్దు. ఆ లెటర్‌ను ఎప్పుడో ఒక జడ్జి చదువుతాడనుకుని రాయండి. పోస్టల్ రసీదు, అందినట్టు ట్రాకింగ్ ప్రింటు దాచండి.

ఈ దశలో చాలామంది చేసే పని ఒకటుంది. లెటర్ పంపి, మర్నాడు ఫోనులో "సరేలే, వచ్చే నెల రెండూ కలిపి కట్టు" అంటారు. అలా చెప్పదలుచుకుంటే చెప్పండి, మీ డబ్బు మీ ఇష్టం. కానీ దాన్ని కూడా ఒక వాక్యంలో రాసివ్వండి: "ఈ ఒక్కసారికి సెప్టెంబరు వాయిదాను అక్టోబరు 12 దాకా పొడిగించాం, మిగతా షరతులన్నీ అలాగే ఉన్నాయి."

సగం కట్టాడు. తీసుకోనా, వద్దా?

తీసుకోండి. 40 వేలకు 25 వేలు ఇచ్చినా డబ్బు డబ్బే. రసీదు మీద "సెప్టెంబరు వాయిదాలో భాగంగా రూ.25,000 ముట్టింది, ఇంకా రూ.15,000 రావాలి, 25-05-2026 నాటి షరతులు వదులుకోలేదు" అని రాయండి. లెటర్‌లో "పూర్తిగా జమ కాకపోతే" అన్న మాట పెట్టింది ఇందుకే. లేకపోతే సగం కట్టినవాడు తాను తప్పలేదనే అంటాడు.

వరసగా మూడు నెలలు ఆలస్యంగా తీసుకుని ఒక్కసారీ నోరెత్తకపోతే, వదులుకోలేదన్న వాక్యం లెటర్‌లో ఉన్నా దాని బలం తగ్గుతుంది. మీ నడవడిక ఒక దారిలో, కాగితం ఇంకో దారిలో ఉన్నాయన్న వాదన వస్తుంది.

ఒకే మనిషికి మీ దగ్గర రెండు ఖాతాలుంటే, ఏ డబ్బు దేనికో కూడా రసీదులో రాయండి. కడుతూ ఇది ఫలానా బాకీకి అని ఆయన చెబితే అలాగే జమ వేయాలి. చెప్పకపోతే మీ ఇష్టం. ఇద్దరూ పట్టించుకోకపోతే పాత బాకీ నుంచి జమ అవుతుంది.

ముందు తేదీలతో చెక్కులు తీసుకోవచ్చా?

తీసుకోండి. ఒక్కో వాయిదాకు ఒక్కో చెక్కు, ఆ వాయిదా తేదీతో, నంబర్లు లెటర్‌లో రాసుకుని. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి మర్చిపోతే పోతుంది.

చెక్కు తిరిగొస్తే బ్యాంకు మెమో మీ చేతికొచ్చిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో ఆయన కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో 138 కేసు, అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్‌బౌన్స్ కేసు, వేయాలి. ఈ గడువులు లెటర్‌లోని గడువులతో సంబంధం లేకుండా వాటి దారిన అవి నడుస్తాయి. అందుకే 138 నోటీసును, మొత్తం బాకీ అడిగే నోటీసును కలిపేయకుండా వేర్వేరుగా పంపడం మేలు. సెప్టెంబరు చెక్కు మీద అడగాల్సింది ఆ 40 వేలే.

మొత్తం కట్టవలసి వచ్చింది కదా అని అక్టోబరు, నవంబరు చెక్కులను సెప్టెంబరులోనే వేయలేరు. వాటి తేదీ వచ్చేదాకా ఆగాల్సిందే.

సెక్యూరిటీ కింద మొత్తానికి ఒకే పెద్ద చెక్కు పెట్టుకునే అలవాటు మానుకోండి. మధ్యలో మూడు వాయిదాలు వచ్చాక 2,40,000 చెక్కును అలాగే బ్యాంకులో వేస్తే, ఆ రోజుకు ఉన్న బాకీ 1,20,000 మాత్రమే. మధ్యలో ముట్టిన డబ్బును చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేస్తే 138 కేసు నిలవదని సుప్రీంకోర్టు 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో తేల్చింది. సగం ముట్టిన వాయిదా చెక్కుకూ ఇదే వర్తిస్తుంది. 25 వేలు తీసుకున్నాక 40 వేల చెక్కు తిరిగి ఇచ్చేసి, 15 వేలకు కొత్తది రాయించుకోండి.

ఇది పాత బాకీ. దావా వేసే గడువు, అదే లిమిటేషన్, అయిపోతుందేమో?

గడువు ప్రత్యేకంగా చెప్పని అరువుకు సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు. మన ఉదాహరణలో మార్చి 4 బిల్లు 2027 మార్చితోనే కాలదోషం పట్టేది. బాకీ ఉన్నానని ఆయన సంతకం చేసిన 2026 మే 25 నుంచి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద మళ్లీ మూడేళ్లు వస్తాయి. అంటే ఈ లెటర్ చేసే పెద్ద మేలు వాయిదాలే కాదు, ఈ కొత్త మూడేళ్లు కూడా.

అయితే ఆ సంతకం మూడేళ్లు దాటకముందే పడాలి. దాటిపోయిన బాకీకి "ఉంది" అని ఒప్పుకుంటే చాలదు, "కడతాను" అని రాసి సంతకం చేయాలి. అలా రాస్తే కాంట్రాక్టు చట్టం 25(3) కింద చెల్లుతుంది. మన నమూనాలో రెండు మాటలూ పక్కపక్కన ఉన్నది అందుకే.

ఫోన్‌పేలో పడిన వాయిదా కూడా గడువును పొడిగిస్తుందని అనుకుంటారు. కానీ లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ కింద కట్టినట్టు కట్టినవాడి చేతిరాతో, సంతకమో ఉండాలి. అందుకే రెండు మూడు వాయిదాలకోసారి ఖాతా పుస్తకంలో "ఇంతవరకు ఇంత కట్టాను, ఇంత ఉంది" అని ఆయన చేత ఒక సంతకం వేయించండి.

ఒక హెచ్చరిక. ప్రోనోటు మీదో, బాండు మీదో "ఒకటి తప్పితే మొత్తం" షరతు ఉంటే, తప్పిన రోజు నుంచే మొత్తానికి మూడేళ్ల గడియారం మొదలవుతుంది. ఆ తప్పును మీరు క్షమించి వదిలేస్తే, మళ్లీ తప్పిన రోజు నుంచి లెక్క. క్షమించారా లేదా అన్నది తర్వాత పెద్ద తగాదా అవుతుంది కనుక, మొదటిసారి తప్పిన తేదీ నుంచే మూడేళ్లు అనుకుని నడుచుకోవడం క్షేమం.

బాకీకి ఆయన బంధువు హామీ ఉన్నాడు. ఆయనకు చెప్పాలా?

చెప్పడం కాదు, సంతకం పెట్టించాలి. హామీదారు ఒప్పుకోకుండా మీరు అసలు బాకీదారుకు గడువు ఇస్తానని ఒప్పందం చేసుకుంటే, కాంట్రాక్టు చట్టం 135వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత తీరిపోతుంది. ఆరు నెలల వాయిదాలంటే గడువు ఇవ్వడమే. మీరు నోరు మూసుకుని ఊరుకుంటే హామీ పోదు, గడువిస్తానని రాసి ఒప్పుకుంటే పోతుంది. వింతగా ఉన్నా చట్టం అదే. "ఈ వాయిదాలకు నేను సమ్మతిస్తున్నాను, నా హామీ బాకీ తీరేవరకు ఉంటుంది" అని లెటర్ కిందనే ఆయన చేత రాయించండి.

స్టాంపు పేపరు, నోటరీ, సాక్షులు తప్పనిసరా?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి ఒప్పందాలు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకోవడం మామూలు. ఆ ఖర్చుకు వెనకాడకండి. ప్రోనోటు రూపంలో రాయించుకుంటే మాత్రం రెవెన్యూ స్టాంపు అప్పుడే అంటించి దాని మీదుగా సంతకం తీసుకోవాలి. స్టాంపు లేని ప్రోనోటును తర్వాత పెనాల్టీ కట్టి బాగుచేసుకునే వీలు లేదు.

సాక్షులు చట్టరీత్యా తప్పనిసరి కాదు, ఉంటే సంతకం నాది కాదనడం కష్టమవుతుంది. నోటరీ చేయిస్తే కోర్టు డిక్రీతో సమానం అనుకుంటారు కొందరు. కాదు. ఎవరు సంతకం చేశారో చెప్పడానికి ఉపయోగం, అంతే. తప్పినప్పుడు మళ్లీ దావా వేయాల్సిందే.

స్టేషన్‌లో కూర్చోబెట్టి రాయించుకున్న కాగితం గురించి కూడా అడుగుతుంటారు. అది మీకు బలం కాదు, బలహీనత. బలవంతంగా రాయించారని ఆయన అంటే ఒప్పందాన్నే రద్దు చేయమని కోరే వీలుంది.

దావా లేకుండానే డిక్రీ అంత బలం రావాలంటే?

లోక్ అదాలత్‌కు వెళ్లండి. కేసు వేయకముందే, ఇద్దరూ రాజీకి సిద్ధంగా ఉన్నప్పుడు, మీ కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వొచ్చు. ఇదే వాయిదాల లెటర్‌ను తేదీలతో, తప్పితే మొత్తం అనే షరతుతో సహా అవార్డుగా రాయిస్తారు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఒక వాయిదా తప్పితే కొత్తగా దావా అక్కర్లేదు, నేరుగా ఈపీ, అంటే డిక్రీని అమలు చేయమనే పిటిషన్, వేసి ఖాతానో, ఆస్తినో అటాచ్ చేయమని అడగొచ్చు.

బాకీ రెండు మూడు లక్షలు దాటి, వాయిదాలు ఏడాది పైన సాగేలా ఉంటే నేను ఇదే చేయమంటాను. తేదీలు, షరతు అవార్డులో మాటకు మాట వచ్చాయో లేదో సంతకానికి ముందు చదవండి. "వాయిదాల్లో కట్టుటకు అంగీకరించినారు" అని ఒక్క లైనులో ముగించేస్తే మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వస్తారు.

ఎలాంటి ప్రతిపాదనకు ఒప్పుకోకూడదు?

మొదటి రూపాయి మూడు నెలల తర్వాత అన్నదానికి. ఈ రోజు ఐదు వేలైనా ఇవ్వలేనివాడు మూడో నెలలో నలభై వేలు తెస్తాడని నమ్మడానికి కారణం కావాలి. సంతకం చేసే రోజే ఎంతో కొంత ఇమ్మనండి. చిన్న వాయిదాలు పెట్టి చివర్లో సగం బాకీ ఒకేసారి అనేదీ అంతే, ఆ చివరి వాయిదా దగ్గరే ఆగిపోతుంది. లిమిటేషన్ దగ్గర పడుతున్న బాకీకి సంతకం లేకుండా నోటిమాట మీద వాయిదాలు అస్సలు వద్దు.

ఆఖరి వాయిదా కూడా వచ్చింది. ఇంకేమైనా చేయాలా?

"25-05-2026 నాటి ఒప్పందం ప్రకారం రూ.2,40,000 పూర్తిగా ముట్టింది, ఇక బాకీ లేదు" అని రాసి సంతకం చేసి ఇవ్వండి. మిగిలిన చెక్కులుంటే తిరిగి ఇచ్చి, నంబర్లతో సహా ముట్టినట్టు సంతకం తీసుకోండి. ప్రోనోటు ఉంటే దాని వెనక "చెల్లు" రాసి అప్పగించండి. హామీదారుకు కూడా ఒక ప్రతి పంపండి.